పెట్టె వెనక మెట్టు

కంచెలపాలెంలో ప్రేమానందాన్ని జనం తలుచుకునేది నీళ్ళు రాని రోజునే. వచ్చిన రోజున కుళాయి తిప్పుతారు, బిందె నింపుకుంటారు, వెళ్ళిపోతారు. ఆ నీళ్ళ వెనక ఒక మనిషి ఉన్నాడని, పొద్దున అయిదింటికి లేచి మోటారు వేశాడని ఎవరు గుర్తు పెట్టుకుంటారు చెప్పండి? ఆ సంగతికి ఆయన ఎప్పుడూ బాధపడలేదు. బాధంతా వేరే.

జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వెళ్ళే రోడ్డు మీద, సిమెంటు లారీలు లేపే దుమ్ముకి ఆకులన్నీ బూడిద రంగులో ఉండే చోట, ఎడమచేతి వైపు లోపలికి మూడు కిలోమీటర్లు వెళ్తే ఆ ఊరు. ఊరి చివర మూతపడ్డ బడి. పిల్లలు తగ్గిపోయి, ఉన్నవాళ్ళని పక్క ఊరి బడిలో కలిపేశాక, బడి ఆవరణలో పంచాయతీ వాళ్ళు నీళ్ళ సంపు కట్టారు. భూమిలోకి దించిన సిమెంటు తొట్టి. పెద్ద తరగతి గదిని మోటారు గది చేశారు. పక్కనున్న హెడ్మాస్టరు గదిలో ప్రేమానందం ఉంటాడు. జి.కొండూరు వైపు నుంచి బోర్లు వేసే లారీతో పాటు కూలీగా వచ్చినవాడు, ఆ లారీ వెళ్ళిపోయినా ఇక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు యాభై నాలుగేళ్ళు. పెళ్ళి కాలేదు. చేసేవాళ్ళు లేకపోయారు, అడిగే వయసు దాటిపోయింది.

చదివింది ఆరో తరగతి, అదీ సగం. కానీ మోటారు గది గోడ మీద ఒక బొమ్మ ఉండేది. బడి ఉన్న రోజుల్లో ఎవరో మాస్టారు నీలం రంగుతో వేయించిన మెట్లు. పైన ఎడమవైపు కిలో, దాని కింద మెట్టు హెక్టో, తర్వాత డెకా, నడిమి మెట్టు మీద మీటరు, గ్రాము, లీటరు మూడూ కలిపి రాసి ఉండేవి. అక్కడి నుంచి కిందకి దిగుతూ చివర సెంటి, మిల్లీ. పక్కన రెండు బాణాలు. దిగే బాణం మీద "ఒక్కో మెట్టుకి పదితో గుణించు", ఎక్కే బాణం మీద "ఒక్కో మెట్టుకి పదితో భాగించు" అని.

మోటారు తిరుగుతున్నంత సేపూ ఆయనకి ఎదురుగా ఉండేది ఆ గోడే. మాట్లాడే మనిషి లేడు, ఫోన్లో చార్జింగు ఎప్పుడూ ఉండదు. అలా చూసి చూసి ఆ బొమ్మని ఆయనే సొంతంగా నేర్చుకున్నాడు. గోడ మీద వేలు పెట్టి మెట్లు లెక్కపెడతాడు. ఎక్కినన్ని మెట్లకి అన్ని సున్నాలు కొట్టేస్తాడు. ఎవరూ నేర్పకుండా నేర్చుకున్న చదువు కదా, దాని మీద ఆయనకి ఎంత నమ్మకమంటే, లెక్కల మాస్టారు ఎదురుగా వచ్చి నిలబడ్డా వెనక్కి తగ్గేవాడు కాదు.

ఆ నమ్మకమే పోయినేడు కొంప ముంచింది. కానీ ఆ సంగతి ఆయనకి ఏడాదిదాకా తెలీదు.

పోయినేడు వానాకాలంలో నందిగామ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నీళ్ళలో బ్లీచింగు పౌడరు లీటరుకి నాలుగు మిల్లీగ్రాముల చొప్పున కలపాలి. సంపు పట్టేది ముప్పై వేల లీటర్లు. నాలుగు ముప్పైలు నూట ఇరవై, పక్కన మూడు సున్నాలు. లక్షా ఇరవై వేల మిల్లీగ్రాములు. గోడ దగ్గరికి వెళ్ళి మిల్లీ మీద వేలు పెట్టి గ్రాము దాకా ఎక్కాడు. ఒకటి, రెండు. రెండు సున్నాలు కొట్టేస్తే పన్నెండు వందల గ్రాములు, అంటే కిలో రెండొందలు. కాటా మీద సరిగ్గా తూచి, బకెట్లో కలిపి, సంపులో పోశాడు.

సాయంత్రానికి ఊరంతా గగ్గోలు. కుళాయి తిప్పితే ముక్కులు పగిలే ఘాటు. ఎదురింటి ఆదెమ్మ మనవరాలు ఆమని బడి నుంచి వచ్చి గ్లాసుడు తాగి, రాత్రంతా వాంతులు చేసుకుంది. మర్నాడు పంచాయతీ ఆఫీసు దగ్గర జనం పోగై, పిల్ల ఆ నీళ్ళు తప్ప ఇంకేం ముట్టలేదని ఆదెమ్మ నిలదీస్తే, ప్రేమానందం ఛాతీ విరుచుకుని చెప్పాడు.

"లెక్క ప్రకారం తూచి వేసా. ఒక్క గ్రాము ఎక్కువ లేదు. ఆ పిల్ల బజార్లో ఏ నూడుల్సో తిని ఉంటది, నా నీళ్ళ మీద తోస్తున్నారు."

నందిగామ ఆఫీసులో ఆ కాగితం రాసినాయన "నేను మిల్లీగ్రాముల్లో స్పష్టంగా రాశా" అన్నాడు. ఈయన "నేనూ అదే వేశా" అన్నాడు. ఎన్ని గ్రాములు వేశావయ్యా అని అడిగే ఓపిక అక్కడ ఎవరికీ లేకపోయింది. వాన, కరెంటు, రేషను, తలకో గొడవ. చివరికి పౌడరు మానేసి నందిగామ నుంచి బిళ్ళలు పంపడం మొదలుపెట్టారు. సంపుకి ఇన్ని బిళ్ళలు, లెక్క అక్కర్లేదు. ఆ కాగితం ఆయన వేరే ఊరికి బదిలీ అయిపోయాడు.

ఊరు మాత్రం బదిలీ అవలేదుగా. తాగడానికి అందరూ డబ్బా నీళ్ళకి మళ్ళారు. కుళాయి నీళ్ళు గిన్నెలకి, గేదెలకి. ఆదెమ్మ అంతకుముందు ఆదివారం ఆదివారం గోంగూర పచ్చడో, రొయ్యల ఇగురో గిన్నెలో పెట్టి "ఒరే ఆనందం, తిని గిన్నె కడిగి పంపు" అని కేకేసేది. ఆ కేక ఆగిపోయింది. ఎదురెదురు గుమ్మాలు. ఏడాది. ఆవిడ వాకిట్లో చిమ్ముతుంటే ఈయన తల తిప్పుకోవడం, ఈయన బయటికొస్తే ఆవిడ లోపలికి పోవడం. ఆదివారం మధ్యాహ్నం అన్నంలో మజ్జిగ పోసుకుని మోటారు గదిలో కూర్చుని ఆయన అదే మాట అనుకునేవాడు. నాది తప్పు కాదు. ఏదో ఒక రోజు తేలుతుంది. అప్పుడు ఆదెమ్మే వస్తుంది.

ఆ రోజు కోసమే బతికాడు అనుకోండి.

ఈ ఏడు వరద నీళ్ళు సంపులోకి చేరి ఒక పక్క గోడ బీటలు వారింది. పంచాయతీ వాళ్ళు లోపలి వైపు ఇంకో మందపాటి గోడ పోయించారు. అంటే సంపు కొలత మారింది. పైగా బిళ్ళలు రావడం ఆగిపోయి మళ్ళీ పౌడరు సంచి వచ్చింది. పొద్దున్నే ఊరి సచివాలయంలో ఇంజనీరింగు పని చూసే గీతాంజలి ఫోన్ చేసింది. ఆరు నెలల క్రితం వచ్చిన పిల్ల. అందరినీ గారు అని పిలుస్తుంది, అందుకే ఈయనకి గౌరవం.

"ప్రేమానందం గారూ, సంపు లోపలి కొలతలు మీటర్లలో పంపండి. ఎన్ని లీటర్లు పడుతుందో కూడా. పౌడరు మాత్రం పాత లెక్కే, లీటరుకి నాలుగు మిల్లీగ్రాములు. మీకు లెక్క వచ్చన్నారు?"

"వచ్చండీ. గోడ మీదే ఉంది."

"గోడ మీదా?"

"మెట్లండీ. మీరేం కంగారు పడకండి, మధ్యాహ్నానికి పంపిస్తా."

ఫోన్ పెట్టేశాక ఆయనకి ఒంట్లో ఏదో హుషారు. పోయినేడు లెక్కే మళ్ళీ చేసి, ఈసారి కాగితం మీద రాసి, ఈ పిల్ల చేత సరే అనిపించుకుంటే చాలు. పోయినేడు కూడా సరే అని తేలినట్టే కదా!

టేపు పట్టుకుని ఖాళీ సంపులోకి దిగాడు. అది తాపీమేస్త్రీల టేపు, సెంటీమీటర్ల అంకెలు మాత్రమే అరగకుండా మిగిలాయి. పొడవు నాలుగొందలు. వెడల్పు రెండొందల యాభై. నీళ్ళు నిలిచే లోతు రెండొందల యాభై. సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసుకుని పైకొచ్చి, బుద్ధిగా గోడ ముందు నిలబడ్డాడు. సెంటి మీద వేలు పెట్టి మీటరు దాకా ఎక్కాడు. మధ్యలో మోటారు స్టార్టరు పెట్టె ఉంది, దాన్ని దాటాడు. ఒకటి. ఒక్క మెట్టు, ఒక్క సున్నా. నాలుగొందలు కాస్తా నలభై.

సంపు పొడవు నలభై మీటర్లు అని రాశాడు.

రాసి, కిటికీలోంచి సంపు వైపు చూశాడు. మళ్ళీ అట్ట వైపు చూశాడు. పోయినేడు వరద నీళ్ళు తోడే పైపు కొన్నప్పుడు ముప్పై మీటర్ల చుట్ట అన్నారు. అది బడి గేటు దాటి, రోడ్డు దాటి ఆదెమ్మ వాకిట్లోకి పోయింది. మరి నలభై మీటర్ల సంపంటే ఆదెమ్మ ఇల్లు కూడా అందులోనే మునగాలి.

"తల తిరుగుతోందిరా ఆనందం," అనుకున్నాడు పైకే. ఒంటరిగా ఉండేవాళ్ళకి తమని తామే పేరు పెట్టి పిలుచుకోవడం అలవాటు.

మళ్ళీ లెక్కపెట్టాడు. మళ్ళీ నలభై. బయటికెళ్ళి సంపు అంచున అడుగులేశాడు. పెద్ద అడుగులు నాలుగు, ఇంకో అరపాదం. నాలుగు మీటర్లు. చిన్నపిల్లాడిని అడిగినా మీటరుకి వంద సెంటీమీటర్లు అంటాడు. నాలుగొందలంటే నాలుగే. రెండు సున్నాలు పోవాలి. మరి గోడ ఒకటే అంటోందేమిటి?

గదిలోకి వచ్చి నిలబడి మెట్లన్నీ పైనుంచి చదివాడు. కిలో, హెక్టో, డెకా, గ్రాము, సెంటి, మిల్లీ. నడిమి మెట్టుకి పైన మూడు ఉన్నాయి. కింద రెండే. కింద మూడోది ఉండాల్సిన చోట స్టార్టరు పెట్టె వేలాడుతోంది.

మెయిన్ స్విచ్ ఆపాడు. స్క్రూలు తుప్పు పట్టి కదలట్లేదు, కొబ్బరినూనె చుక్కలేసి తిప్పాడు. పెట్టె కాస్త పక్కకి వాలగానే వెనక, దుమ్ము పట్టని నీలం రంగులో, నిన్ననే వేసినట్టు ఒక మెట్టు. దాని మీద "డెసి" అని.

చాలాసేపు అలాగే పెట్టెని పట్టుకుని నిలబడ్డాడు. చేతులు లాగుతున్నాయని కూడా తెలీలేదు.

పెట్టె బిగించాక కింద కూర్చుని అట్ట వెనక రాయడం మొదలుపెట్టాడు. ఇవాళ్టిది కాదు, పోయినేటిది. లక్షా ఇరవై వేల మిల్లీగ్రాములు. మిల్లీ నుంచి సెంటి, సెంటి నుంచి డెసి, డెసి నుంచి గ్రాము. మూడు మెట్లు, మూడు సున్నాలు. నూట ఇరవై గ్రాములు.

నూట ఇరవై! తను వేసింది పన్నెండు వందలు. పదింతలు.

మనిషి మనసు ఎంత గట్టిదో చూడండి, అప్పటికీ ఇంకో దారి వెతికింది. నిసార్‌కి ఫోన్ చేశాడు. నిసార్ జగ్గయ్యపేటలో నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు, సంపు కడిగినప్పుడల్లా అతనే నింపేది.

"నిసారూ, నీ ట్యాంకరు ఎంతబ్బాయ్?"

"అయిదు వేల లీటర్లన్నా. ఏం, పెద్దదవుద్దా అడిగితే?"

"అందులో పౌడరు ఎంతేస్తావు?"

"టీ స్పూనుతో నాలుగు. ఇరవై గ్రాములుంటది. పోయినేడే చెప్పా గదన్నా నీకు? నేను స్పూన్లతో వేస్తుంటే నువ్వు చెంబులతో వేసావని. నువ్వేమో వారం రోజులు మాట్లాడలా."

చెప్పాడు. నిజమే. ముప్పై వేల సంపంటే ఆరు ట్యాంకర్లు. ట్యాంకరుకి ఇరవై చొప్పున నూట ఇరవై. వేళ్ళ మీద తేలిపోయే లెక్క. ఆ రోజు పౌడరు తూచాక చెంబు నిండి పైన కుప్ప పడితే, ఇంత తెల్ల పొడా అని చెయ్యి ఒక్క క్షణం ఆగింది కూడా. చెయ్యి చెప్పింది, కన్ను చెప్పింది, నిసార్ చెప్పాడు. తను గోడ మాట విన్నాడు.

"ఇంతకీ ఇవాళ ఎన్ని ట్రిప్పులన్నా?" అన్నాడు నిసార్.

ఇప్పుడు పద్ధతిగా చేశాడు. పొడవు నాలుగు మీటర్లు, వెడల్పు రెండున్నర, లోతు రెండున్నర. నాలుగు రెండున్నరలు పది, పది రెండున్నరలు ఇరవై అయిదు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు ఉన్న పెట్టెలో వెయ్యి లీటర్లు పడతాయి. మేడల మీద పెట్టే నల్ల ట్యాంకు అంత. అలాంటివి ఇరవై అయిదు. పాత సంపు ముప్పై, కొత్త గోడ మింగింది అయిదు. సరిపోయింది.

"అయిదు ట్రిప్పులు. ట్యాంకర్లో పౌడరు వేయకు, నేనే సంపులో వేస్తా," అన్నాడు.

లీటరుకి నాలుగు చొప్పున లక్ష మిల్లీగ్రాములు, మూడు మెట్లెక్కితే వంద గ్రాములు. ట్యాంకరుకి ఇరవై వేసుకున్నా అయిదు ఇరవైలు వందే. రెండు దారుల్లో వెళ్ళినా ఒక్క చోటికే చేరింది. అంత సరిగ్గా లెక్క కుదిరినందుకు సంతోషించాల్సిన మనిషి, గోడకి ఆనుకుని మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. ఏడాది పాటు తోడున్నది ఒక్క మాటే, నాది తప్పు కాదని. ఇప్పుడు అదీ పోయింది. గది అంతకుముందు కంటే ఖాళీగా అనిపించింది.

గీతాంజలికి కొలతలు చెప్పాడు. లెక్క విని ఆమె "కరెక్టండీ" అంది. ఆ మాట కోసమే పొద్దున ఎదురుచూశాడు. ఇప్పుడు చెవికెక్కలేదు.

"అమ్మా, పోయినేడు నేను వేసింది కిలో రెండొందలు," అన్నాడు.

గీతాంజలి గొంతు తగ్గించింది.

"అది అయిపోయిందిగా ప్రేమానందం గారూ. అప్పుడు నేను లేను, ఆ సారూ లేరు. ఇప్పుడు తవ్వితే మీ ఉద్యోగానికే ఇబ్బంది. ఎవరికీ గుర్తు లేదు, వదిలేయండి."

"ఎదురింటావిడకి గుర్తుందండీ."

"మరి మీ ఇష్టం," అని, "కొలత మాత్రం ఇంకోసారి ఎవరిచేతన్నా చూపించుకునే వేయండి. నాకు ఫొటో పెట్టినా సరే," అంది.

వదిలేయచ్చు. నిజానికి ఎంత సులువో! వంద గ్రాములు వేస్తే నీళ్ళు బాగుంటాయి. నెల తిరిగేసరికి జనం మళ్ళీ తాగుతారు. చూశారా, నా లెక్క అప్పుడూ ఇంతే అని కాలరెగరేయచ్చు కూడా. కాదనేవాళ్ళు ఎవరు? పెట్టె వెనక ఏముందో చూసింది ఆయనొక్కడే.

నిసార్ అయిదు ట్రిప్పులూ పోసేసరికి మధ్యాహ్నం మూడైంది. అయిదోది అయ్యేసరికి నీళ్ళు సరిగ్గా సంపు గోడ మీది నిండు గీత దగ్గర ఆగాయి. ప్రేమానందం వంద గ్రాములు తూచి నిసార్‌కి చూపించాడు, కాటాకి ఫొటో తీసి గీతాంజలికి పంపాడు. బకెట్లో ముద్దలా కలిపి, నీళ్ళు పోసి, పౌడర్లోని సున్నం అడుక్కి చేరేదాకా ఆగాడు. పైన తేరిన నీళ్ళు మాత్రం సంపులో వంచి, అడుగు ముద్ద దూరంగా పారబోశాడు. అరగంటకి పైగా అలా ఉంచి, పరీక్ష సీసాలో నీళ్ళు పట్టి మందు చుక్కలేస్తే లేత పసుపు తేలింది. పౌడరు ఎంత ఉండాలో అంతే ఉందని గుర్తు.

అప్పుడు చేతులు కడుక్కుని రోడ్డు దాటాడు.

ఆదెమ్మ వరండాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. పక్కన గోనె సంచి, చుట్టూ ఎర్రగా కుప్ప. ఈయన గుమ్మంలో నిలబడితే తలెత్తి చూసి, మళ్ళీ కాయల మీదకి వంగింది.

"పెద్దమ్మా."

ఆవిడ ఇంకో తొడిమ తుంచింది.

"పోయినేడు పౌడరు నేనే ఎక్కువేసా. పదింతలు. ఆమని వాంతులు చేసుకుంది నా నీళ్ళతోనే. బజార్లో తిన్నదని కాదు."

తొడిమ తీస్తున్న వేళ్ళు ఆగాయి. "ఇప్పుడెవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలా. లెక్క చూసుకున్నా ఇవాళ. ఒక మెట్టు తక్కువ లెక్కపెట్టా."

"మెట్టా?"

ఆయన గోడ బొమ్మ గురించి, పెట్టె గురించి చెప్పబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. కారం అంటిన వేళ్ళు.

"ఆ కతలు నాకెందుకురా. పదిమందిలో ఏమన్నావ్ నువ్వు? పిల్ల ఏదో తినొచ్చింది, ముసల్ది అబద్ధాలాడుతోందన్నావ్. నా కోడలు కూడా నమ్మింది. పిల్లకి డబ్బులిచ్చి చెడగొడుతున్నానని నన్ను నెల రోజులు సాధించింది. ఏడాదిరా ఆనందం! ఏడాది నన్ను అబద్ధాలకోరుని చేసి, నా ఎదురుగుండానే కూచున్నావ్."

ఇది ఆయనకి తెలీదు. తన ఏడాది ఎలా గడిచిందో మాత్రమే తెలుసు. రోడ్డుకి ఇవతల కూడా ఒక ఏడాది గడిచిందని, అది కూడా ఒంటరిదేనని, తలుపు వేసుకుని కూచున్నవాడికి తెలిసేదెలా?

"తప్పైపోయింది పెద్దమ్మా."

"నాకు కాదు. ఎక్కడన్నావో అక్కడ చెప్పు."

అంతే. మళ్ళీ కాయలు అందుకుంది. కూర్చోమనలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికి పంచాయతీ ఆఫీసు ముందు కుళాయి దగ్గర పదిమంది దాకా బిందెలతో ఉన్నారు. ప్రేమానందం మోటారు వేసి వచ్చి అరుగెక్కి నిలబడ్డాడు. ఒక్క ఊపులో చెప్పేశాడు. నూట ఇరవై గ్రాములు వేయాల్సింది కిలో రెండొందలు వేశాననీ, ఆదెమ్మ చెప్పిందే నిజమనీ, తను అన్న మాట తప్పనీ.

"అంటే ఏడాదిగా డబ్బా నీళ్ళు కొనిపించింది నువ్వేనన్నమాట," అంది సుబ్బమ్మ అనే ఆవిడ.

"ఆరో తరగతోడికి సంపు అప్పజెప్తే అంతేగా," అన్నాడు రాంబాబు, సైకిలు దిగకుండానే. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"ఇవాళ ఎంతేసావ్?" అడిగింది ఇంకెవరో.

"వంద గ్రాములు. నిన్న నిసారు చూశాడు. నేను తాగా, నాకేం కాలా."

ఆయన ముందు పట్టుకుని రెండు గ్లాసులు తాగి చూపించాడు. జనం చూశారు. ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ తిట్టలేదు. గిన్నెలు కడిగే నీళ్ళ బిందెలు నింపుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. డబ్బా నీళ్ళ ఆటో ఎప్పటిలాగే హారను కొడుతూ వచ్చింది, ఎప్పటిలాగే ఆగింది.

ఆదెమ్మ అందరికంటే చివర వచ్చింది, కోడలితో. కోడలు తల వంచుకుని ఉంది. ముసలావిడ బిందె పెట్టి కుళాయి తిప్పింది. దోసిట పట్టి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక గుటక తాగింది. నోట్లో కాసేపు ఉంచుకుని మింగింది.

"వాసన లేదు," అంది. ప్రేమానందంతో కాదు, కోడలితో. "పిల్లకి సాయంత్రం దాకా ఇవ్వకు. ముందు నేను తాగుతా. నాకేం కాకపోతే రేపు చూద్దాం."

బిందె నడుమున పెట్టుకుని వెళ్ళిపోయింది. ప్రేమానందం ఆ సాయంత్రం దాకా మోటారు గది గుమ్మంలోనే కూర్చున్నాడు, ఎదురింటి తలుపు వంక చూస్తూ, ఆవిడకి ఏమీ కాలేదు కదా అని, ఎన్నిసార్లు బయటికి వచ్చిందో లెక్కపెట్టుకుంటూ.